షీట్‌లో ఎర్ర గళ్లన్నీ తప్పులు కావు

కర్నూలులో కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో చిన్న ఆఫీసు. అక్కడ ఇద్దరు ముగ్గురు కలిసి ఒక జిల్లా వార్తల సైటు నడుపుతున్నారు. నడిపే తమ్ముడు ఒకప్పుడు పత్రికలో విలేకరి. పేజీలన్నీ తిరిగి వాటి వివరాలు షీట్‌లో పెట్టే క్రాలర్‌తో సైటు మొత్తం తిప్పి, వచ్చిన ఫైలును నాకు పంపి ఫోన్ చేశాడు: "అన్నా, ఏంది ఇది, షీట్ అంతా ఎర్రగా ఉంది! టైటిళ్లు లేవంటుంది, డూప్లికేట్ అంటుంది, పొడుగు అంటుంది. వెయ్యికి పైగా పేజీలు. ఒక్కొక్కటీ దిద్దుకుంటూ కూర్చుంటే ఉగాది దాటిపోతుంది."

టెన్షన్ పడటంలో తప్పు లేదు. కానీ అతను చదివింది తప్పుల జాబితా కాదు, వరసల జాబితా. ఆ రెండూ ఒకటేననుకోవడంతోనే ఈ పనిలో సగం కాలం వృథా అవుతుంది. నన్నడిగితే, గూగుల్ ఫలితాల్లో పేజీ పేరుగా కనిపించే టైటిల్‌కు వచ్చే నాలుగు రకాల లోపాల్లో ఖాళీ టైటిళ్లది తేలిగ్గా తేలిపోయే పని. పొడుగు టైటిళ్ల గురించి అనవసరంగా కంగారు పడతాం. నిజంగా కూర్చోవాల్సింది డూప్లికేట్ల దగ్గర, పేలవమైన వాటి దగ్గర.

మేం వాడింది స్క్రీమింగ్ ఫ్రాగ్ అనే క్రాలర్. అందులో `Internal` ట్యాబ్‌లో `HTML` ఫిల్టర్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే 1,180 వరసలు వచ్చాయి. ముందే ఒక మాట: తెలుగు ఉన్న సీఎస్వీ ఫైలును డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే ఒక్కోసారి అక్షరాలన్నీ పిచ్చి గీతలవుతాయి. ఫైలు పాడైందని మళ్లీ క్రాల్ చేయనక్కర్లేదు. ఎక్సెల్ డేటా మెనూలోంచి యూటీఎఫ్-8 అని చెప్పి తెరవాలి, లేదా గూగుల్ షీట్స్‌లోకి ఎక్కించాలి.

తెరిచాక మొదట చూడాల్సినవి టైటిల్ కాలమ్‌లు కావు. `Status Code`, `Indexability` అనే రెండు కాలమ్‌లు. గూగుల్ తన జాబితాలో పెట్టుకోవడానికి అడ్డులేని పేజీలు ఎన్నో అక్కడే తెలుస్తుంది. మా 1,180లో 96 వరసలు దారి మళ్లింపులు. 21 దొరకని పేజీలు. 58 పేజీలకు జాబితాలో పెట్టొద్దని చెప్పే నోఇండెక్స్ ఉంది. మరో 263 అసలు పేజీలు కావు, వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పంచుకున్నప్పుడు తోక తగిలించుకున్న అడ్రసులు. అసలు పేజీ ఏదో గూగుల్‌కు చెప్పే వాటి కెనానికల్ ట్యాగ్ అసలు పేజీ వైపే చూపిస్తోంది. ఇవన్నీ తీసేస్తే మిగిలినవి 742.

ఈ ఒక్క వడపోతతో ఎంత ఎరుపు పోయిందంటే, షీట్‌లో టైటిల్ గడి ఖాళీగా ఉన్న వరసలు 98 ఉండేవి. అందులో 96 దారి మళ్లింపులే. మళ్లించే అడ్రసుకు సొంత పేజీయే లేనప్పుడు టైటిల్ ఎక్కడినుంచి వస్తుంది? మిగిలిన రెండూ ఫొటో గ్యాలరీలు. బ్రౌజర్ ట్యాబ్‌లో వాటికి టైటిల్ కనిపిస్తోంది, పేజీ సోర్స్‌లో లేదు. అంటే పేజీ తెరుచుకున్నాక జావాస్క్రిప్ట్ దాన్ని పెడుతోంది, స్క్రిప్ట్ నడపకుండా చదివే క్రాలర్‌కు అది కనబడదు. 98 తప్పులనుకున్నవి చివరికి ఒక్క గ్యాలరీ టెంప్లేట్‌లో మార్పుకు దిగాయి.

అసలు కథ డూప్లికేట్లది.

742 వరసల మీద పివట్ టేబుల్ వేసి, టైటిల్ వారీగా ఎన్నెన్ని పేజీలున్నాయో లెక్కపెట్టాం. పైన రెండు పెద్ద గుంపులు తేలాయి. ఒకటి 134 పేజీలది, రెండోది 77 పేజీలది. రెండింటి టైటిలూ కంటికి ఒక్కటే: "నేటి మార్కెట్ ధరలు". ఒకే మాటను పివట్ రెండుగా ఎందుకు చూపించింది? టైటిల్ చివర ఉన్న సైటు పేరును వదిలి, పక్కన అక్షరాలు లెక్కపెట్టే `LEN` పెట్టి చూస్తే ఒకదానికి 18, రెండోదానికి 19 వచ్చింది. ఎక్కడో కంటికి కనబడని అక్షరం ఒకటి దాక్కుంది.

తెలుగు టైప్ చేసేవాళ్లకు ఇది పాత నేస్తమే. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఆపేందుకు వాడే జీరో విడ్త్ నాన్ జాయినర్. "మార్కెట్‌లో" అని రాసేటప్పుడు అది కావాలి, లేకపోతే "మార్కెట్లో" అయిపోతుంది. కానీ పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు, కొన్ని కీబోర్డులు మాట చివర పొల్లు వచ్చినప్పుడల్లా దాన్ని తగిలించేస్తుంటాయి. ఈ ఆఫీసులో ఒకరు కన్వర్టర్‌లోంచి కాపీ చేస్తారు, ఇంకొకరు ఫోన్‌లో నేరుగా కొడతారు. అందుకే రెండు గుంపులు. ఇంగ్లిష్ సైట్ల మీద రాసిన ఆడిట్ పాఠాల్లో ఈ సంగతి మీకు దొరకదు. తెలుగు సైట్లకు మాత్రం ఇది ముందే చూసుకోవాల్సిన పని.

దీనికి మందు ఒక పోలిక కాలమ్. టైటిల్ `C` కాలమ్‌లో ఉందనుకుంటే `H` కాలమ్‌లో ఇలా రాయాలి:

```
=LOWER(TRIM(SUBSTITUTE(SUBSTITUTE(C2,UNICHAR(8204),""),UNICHAR(160)," ")))
```

కనబడని అక్షరాన్ని తీసేసి, వెబ్‌లోంచి అంటుకొచ్చే ప్రత్యేక ఖాళీలను మామూలు ఖాళీలుగా మార్చి, అదనపు ఖాళీలను కత్తిరిస్తుంది. ఇది పోల్చడానికే. సైటులోని అసలు టైటిల్లోంచి ఆ అక్షరాన్ని గంపగుత్తగా తీసేస్తే "మార్కెట్‌లో" లాంటి మాటలు చెడిపోతాయి. లెక్కకు పక్క కాలమ్‌లో:

```
=IF(H2="","",SUMPRODUCT(--($H$2:$H$743=H2)))
```

అందరూ వాడే `COUNTIF` ఎందుకు వాడలేదంటే, అది ప్రశ్నార్థకాన్ని "ఏదో ఒక అక్షరం" అని అర్థం చేసుకుంటుంది. మన వార్తల శీర్షికల్లో "ఎందుకు?", "ఎవరిది?" లకు కొదవేముంది!

ఇప్పుడు రెండు గుంపులూ కలిసి 211 అయ్యాయి. తమ్ముడు వెంటనే, "అయితే 211 టైటిళ్లు మార్చాలన్నమాట" అన్నాడు. కాదు. రోజూ మార్కెట్ యార్డు ధరలు పెట్టే ఫారంలో టైటిల్ గడి ముందే నింపి ఉంది. తేదీ పేజీలోనూ ఉంది, అడ్రసులోనూ ఉంది, టైటిల్లోకి మాత్రం రాలేదు. ఊరూ లేదు, పంటా లేదు. ఉల్లి కోసం వెతికే కర్నూలు రైతుకైనా, పత్తి ధర చూసే ఆదోని వ్యాపారికైనా కనిపించేది అదే మూడు ముక్కల మాట. టెంప్లేట్‌లో పంట, మార్కెట్, తేదీ వచ్చేలా ఒక్కచోట మారిస్తే 211 పేజీలూ సర్దుకుంటాయి.

అయితే టైటిళ్లు వేరైనంత మాత్రాన పని అయిపోదు. నిన్నటి ధర పేజీ, మొన్నటి ధర పేజీ, పోయిన నెల పేజీ, అన్నీ ఒకే వెతుకులాటకు పోటీపడుతుంటే గూగుల్ పాత ధరను పైకి తెచ్చి పెట్టవచ్చు. రైతుకు అది లేకపోవడం కంటే నష్టం. అందుకే ఒక్కో పంటకు ఎప్పటికీ మారని అడ్రసుతో ఒక పేజీ పెట్టి, "కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ధర" అని దానికి పేరు పెట్టి, అందులో తాజా ధర మార్చుకుంటూ పోవాలి. పాతవి తేదీతో కింద ఉంటాయి. డూప్లికేట్ టైటిల్ కొన్నిసార్లు టైటిల్ సమస్య కాదు, పేజీలు అవసరానికి మించి ఉన్నాయన్న సంకేతం.

ఫలితాల్లో టైటిల్ కింద వచ్చే వివరణలు, అంటే డిస్క్రిప్షన్ల దగ్గర ఇంకో తమాషా. 742లో 611 పేజీలకు ఒకే వివరణ: సైటు గురించి చెప్పే రెండు వాక్యాలు. తమ్ముడు ఒప్పుకోలేదు. "లేదన్నా, రెండేళ్లుగా ప్రతి వార్తకూ నేనే కూర్చుని రాస్తున్నా" అన్నాడు. మాట నిజమే. ఎక్స్‌పోర్ట్‌లో కుడివైపుకు జరిగితే `Meta Description 2` అనే కాలమ్ ఉంది. అతను రాసినవి 540 అందులో ఉన్నాయి. థీమ్ ఒక వివరణను ముందే పేజీలో పెట్టేస్తోంది, ప్లగిన్ అతను రాసినదాన్ని దాని తర్వాత పెడుతోంది. ఆడిట్ చేసేవాళ్లు ఒకటో నంబరు కాలమ్ మాత్రమే చూసి 611 వివరణలు కొత్తగా రాయించేస్తారు. ఇక్కడ చేయాల్సింది థీమ్ సెట్టింగులో ఒక టిక్కు తీయడం. నిజంగా వివరణ లేనివి 71. `Title 2` అనే కాలమ్ వచ్చినా ఇదే అనుమానంతో చూడాలి.

ఇక పొడుగు. ఈ పనిముట్టు టైటిల్ 60 అక్షరాలు దాటితే, డిస్క్రిప్షన్ 155 దాటితే పొడుగని చెబుతుంది. ఇవి ఆ పనిముట్టు ముందే పెట్టుకున్న హద్దులు, కావాలంటే మార్చుకోవచ్చు. గూగుల్ మాత్రం టైటిల్‌కు గానీ వివరణకు గానీ పొడవు పరిమితి లేదని, తెర వెడల్పును బట్టి కత్తిరిస్తామని తన మార్గదర్శకాల్లో చెబుతోంది. పైగా తెలుగులో ఈ లెక్క మనం అనుకునే అక్షరాల లెక్క కాదు. "కర్నూలు" కంటికి మూడక్షరాలు. కంప్యూటర్‌కు ఏడు: క, ర, పొల్లు, న, ఊత్వం, ల, కొమ్ము. పైన చెప్పిన "కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ధర" అనే టైటిల్‌కు `LEN` 34 చూపిస్తుంది. మనం చదివే అక్షరాలు పదమూడే, ఖాళీలు నాలుగు. కాబట్టి 60 దాటిందని తెలుగు శీర్షికను కత్తిరించడం చాలాసార్లు అన్యాయం. ఫోన్‌లో వెతికి, ఎక్కడ తెగుతోందో కంటితో చూడటమే నాకు నమ్మకం.

మా 742లో 297 పొడుగని వచ్చాయి. ప్రతి టైటిల్ వెనక గీత గీసి సైటు పేరు వేస్తున్నారు, దానికే 24 పోతున్నాయి. దాన్ని తీసి లెక్కిస్తే 62 మిగిలాయి. వాటిలోనూ ఊరి పేరు, విషయం మొదట్లోనే ఉంటే నేను ముట్టుకోలేదు. చివర తెగితే తెగనీ.

పేలవమైన టైటిల్‌ను పట్టుకునే ఫిల్టర్ ఈ పనిముట్టులో లేదు. ధరల పేజీలను పక్కనపెట్టి, సైటు పేరు తీసేశాక 25 అక్షరాల లోపు మిగిలినవాటిని వేరుచేస్తే 83 వచ్చాయి. వాటిని `Inlinks`, అంటే సైటులోంచి ఆ పేజీకి వచ్చే లింకుల లెక్క ప్రకారం పెద్దవి పైకి వచ్చేలా పేర్చి, కూర్చుని చదవడమే. చదువుతుంటే ఒక సంగతి తేటతెల్లమైంది. బలహీనమైనవి ఎక్కువగా మంచి విలేకరి పెట్టినవే. "కంటతడి పెట్టించిన ఉల్లి", "రైతన్న ఆవేదన", "మళ్లీ మొదటికే". పేపర్లో ఇవి పండుతాయి, ఎందుకంటే కిందే డేట్‌లైన్‌లో ఊరి పేరు ఉంటుంది, పక్కనే ఫొటో ఉంటుంది, పైగా అది జిల్లా పేజీ. వెతుకులాట ఫలితాల్లో శీర్షిక ఒంటరిగా నిలబడాలి. "కంటతడి పెట్టించిన ఉల్లి" అన్న టైటిల్ మూడు వేర్వేరు సంవత్సరాల వార్తలకు ఉంది, అందుకే డూప్లికేట్ల జాబితాలోనూ దొరికింది.

ఈ మాటకు తమ్ముడు నొచ్చుకున్నాడు. చివరికి సర్దుబాటు ఇలా కుదిరింది: పేజీలో కనిపించే పెద్ద శీర్షిక అతని ఇష్టం, టైటిల్ గడిలో మాత్రం ఊరు, పంట, జరిగిందేమిటో ఉండాలి. రెండూ వేరుగా ఉంటే గూగుల్ ఒక్కోసారి టైటిల్‌ను వదిలి పేజీలోని శీర్షికనే ఫలితాల్లో చూపిస్తుంది. 2021 ఆగస్టులో తెచ్చిన మార్పు తర్వాత దీని మీద పెద్ద గొడవే నడిచింది. కాబట్టి మార్చిన 83లో కొన్నింటికి మళ్లీ "రైతన్న ఆవేదన" అనే కనబడవచ్చు. అలాంటివి కనబడితే పెద్ద శీర్షికకు ముందు "ఆదోని:" అని చేరుస్తానని మాటిచ్చాడు. ఇప్పటికి రెండు దొరికాయి.