రైటర్ చివరికి రాసిందంటే ప్రోగ్రాం సరైనదేనా?

ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ రికార్డులు దిద్దుతున్నాను. రీడర్స్-రైటర్స్ ప్రోగ్రాం దగ్గరికి వచ్చేసరికి ప్రతి రికార్డులోనూ అదే అవుట్‌పుట్: ఐదు రీడర్లు చదివాయి, అన్నిటికంటే చివర రైటర్ రాసింది. ఆ ‘చివర’ అన్న మాట దగ్గరే నాకు కోపం వస్తోంది. రైటర్ వచ్చింది రెండో స్థానంలో! అది ఎందుకు వెనకబడిందని అడగకుండా మనం సంతకం పెట్టేస్తున్నాం.

రీడర్ లోపలికి వెళ్లే కోడ్ ఇది:

```c
sem_wait(&mutex);
if (++readcount == 1)
    sem_wait(&wrt);
sem_post(&mutex);
```

మొదటి రీడర్ మాత్రమే `wrt` తీసుకుంటుంది. ఆ తర్వాత వచ్చినవి లెక్క పెంచి నేరుగా లోపలికి వెళ్తాయి. చిట్టచివరి రీడర్ బయటికి వచ్చి లెక్క సున్నా అయితేనే `wrt` విడుదలవుతుంది. బయట రైటర్ వేచి ఉందా అని ఈ నాలుగు వరుసల్లో ఎక్కడా చూడడం లేదు.

మూడు రీడర్లు తీసుకోండి. ఒక్కొక్కటి రెండు సెకన్లు చదివి, ఒక సెకను ఆగి, మళ్లీ వస్తుంది. అవి 0, 1, 2 సెకన్లకు మొదలయ్యాయి. రైటర్ అర సెకనుకు వచ్చింది. మూడో సెకనుకు రెండో రీడర్ వెళ్లిపోతుంది, మొదటిది తిరిగి వస్తుంది, మూడోది ఇంకా చదువుతూనే ఉంటుంది. నాలుగో సెకనుకూ ఇదే వరస. `readcount` సున్నాకు దిగే క్షణమే రాదు, రైటర్‌కు వంతు రాదు.

మన ల్యాబ్‌లో ఇది బయటపడకపోవడానికి కారణం, ప్రతి రీడర్ ఒక్కసారి చదివి ముగిసిపోవడమే. అప్పుడు లెక్క ఎప్పటికైనా సున్నా కావలసిందే. రీడర్ కోడ్‌ను పై ఉదాహరణలోని సమయాలతో `while(1)`లో పెట్టి, రైటర్ వచ్చిన సమయాన్నీ లోపలికి వెళ్లిన సమయాన్నీ ప్రింట్ చేయించండి. మొదటిది కనిపిస్తుంది, రెండోది కనిపించదు. వైవాలో దీన్ని డెడ్‌లాక్ అని చెప్పే విద్యార్థులున్నారు. కాదు. డెడ్‌లాక్‌లో చిక్కుకున్న థ్రెడ్‌లలో ఏదీ కదలదు. ఇక్కడ రీడర్ల వరుసలు తెరమీద పడుతూనే ఉంటాయి. అందుకే తప్పు కంటికి ఆనదు.

కుర్త్వా, హేమాన్స్, పార్నాస్ 1971లోనే దీన్ని రెండు వేర్వేరు సమస్యలుగా రాశారు: ఒకదానిలో రీడర్లకు ప్రాధాన్యం, రెండోదానిలో రైటర్లకు. మన రికార్డుల్లో ఉన్నది మొదటిది మాత్రమే. రెండోదానిలో ఆగకుండా రైటర్లు వస్తుంటే రీడర్లకు వంతు రాదు, అదీ చెప్పాలి.

ల్యాబ్‌కు సరిపోయే దిద్దుబాటు చిన్నది. 1తో మొదలయ్యే `turn` అనే మరో సెమాఫోర్ చాలు. రీడర్ మొదట ఈ రెండు వరుసలు దాటాలి:

```c
sem_wait(&turn);
sem_post(&turn);
```

రైటర్ మాత్రం `turn` తీసుకుని, ఆపై `wrt` కోసం వేచి ఉండి, రాయడం పూర్తయ్యాకే రెండింటినీ వదులుతుంది. పై ఉదాహరణలో అర సెకనుకు రైటర్ `turn` పట్టుకుంటుంది. ఒకటో సెకనుకు వచ్చిన రీడర్ అక్కడే ఆగుతుంది. రెండో సెకనుకు మొదటి రీడర్ బయటికి రాగానే లెక్క సున్నా, రైటర్ లోపలికి. ఒకటిన్నర సెకన్ల నిరీక్షణ, అంతే. అయితే `turn` దగ్గర చాలా థ్రెడ్‌లు పోగైతే, మామూలు థ్రెడ్‌లను వచ్చిన వరుసలోనే లేపుతానని POSIX హామీ ఇవ్వదు.

ఇకపై నా ల్యాబ్‌లో అవుట్‌పుట్ పక్కన రైటర్ వేచి ఉన్న సమయం రాయని రికార్డుపై సంతకం పెట్టను.