ఒకే మెట్ల దారి, దాని కింద పార్కింగ్

హైదరాబాద్ పాతబస్తీలోని గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయిన తరువాత వారం పాటు అందరి నోటా వినిపించిన మాట, మెట్లు ఇరుకు అన్నదే. ఆ పాత ఇంటి మెట్లు సుమారు మీటరు వెడల్పు మాత్రమే, బయటికి రావడానికి దారి కూడా అదొక్కటే. కాబట్టి ఆ మాటలో అబద్ధం లేదు. అయితే ఆ చర్చ వెంటనే మెట్లు ఎన్ని అడుగులుండాలి, రోడ్డు ఎన్ని అడుగులుండాలి అన్న కొలతల లెక్కలోకి జారిపోయింది. ఈ రోజు హైదరాబాద్, విజయవాడ, విశాఖ కాలనీల్లో లక్షల మంది ఉంటున్న చిన్న అపార్ట్‌మెంట్లకు ఆ లెక్క పెద్దగా పనికిరాదు. వాటి మెట్లు చాలా వరకు వెడల్పుగానే ఉన్నాయి. ప్రమాదం ఆ మెట్లు ఎక్కడ మొదలవుతున్నాయన్న దాంట్లో ఉంది.

ఒక మామూలు భవనాన్ని తీసుకుందాం. నాలుగు వందల గజాల స్థలం, కింద పిల్లర్ల మధ్య గోడలు లేకుండా వదిలిన స్టిల్ట్ పార్కింగ్, పైన ఐదు అంతస్తులు, అంతస్తుకు రెండు ఫ్లాట్లు. ఒక్కో అంతస్తు విస్తీర్ణం దాదాపు 220 చదరపు మీటర్లు అనుకుంటే, నేషనల్ బిల్డింగ్ కోడ్ నివాస భవనాలకు మనిషికి 12.5 చదరపు మీటర్ల చొప్పున వేసే లెక్క ప్రకారం అంతస్తుకు 18 మంది వస్తారు. మెట్ల మీద ఒక్కో మనిషికి 10 మిల్లీమీటర్ల వెడల్పు చాలునని అదే కోడ్ అంటుంది. అంటే ఒక అంతస్తు జనానికి 180 మిల్లీమీటర్లు సరిపోవాలి. ఐదంతస్తుల వాళ్లందరినీ ఒకేసారి కలిపినా 900 దాటదు. అయినా కోడ్ అపార్ట్‌మెంట్లకు కనీసం 1.25 మీటర్లు అడుగుతుంది. ఒక వరుసలో జనం దిగుతుంటే పక్క నుంచి ఫైర్‌మన్ హోస్ పైపు భుజాన వేసుకుని ఎక్కడానికి చోటుండాలి కదా. మన బిల్డర్లు ఈ వెడల్పును ఎక్కువగా ఎగ్గొట్టరు. ప్లాన్‌లో కనిపించే కొలత, టేపు పెట్టి చూడగలిగే కొలత అది.

టేపుకు దొరకనిది పొగ. అదే భవనంలో మెట్ల మొదటి మెట్టు దగ్గర నిలబడి చుట్టూ చూడండి. మెట్ల కింద ఖాళీలో పది ఫ్లాట్ల మీటర్ బోర్డు, దాని పక్కనే కామన్ లైట్ల ప్యానెల్ ఉంటాయి. ముందు ట్యాంకులో పెట్రోలు ఉన్న బైకులు హ్యాండిల్‌కు హ్యాండిల్ తగిలేలా నిలబెట్టి ఉంటాయి. ఈ మధ్య ఒకటో రెండో ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చి చేరాయి, వాటికి మీటర్ బోర్డు దగ్గరి ప్లగ్గు నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి రాత్రంతా చార్జింగ్ పెడతారు. ఎదురుగా లిఫ్ట్, అదీ ఇదే పార్కింగ్‌లోకి తెరుచుకుంటుంది. ఇన్ని వస్తువులకూ మెట్లకూ మధ్య తలుపు లేదు, గోడ లేదు. ఇక్కడ నిప్పు రాజుకుంటే వేడి పొగకు పైకి పోవడానికి రెండు గొట్టాలు సిద్ధంగా ఉన్నాయి, ఒకటి మెట్ల గది, రెండోది లిఫ్ట్ గుంత. ఐదో అంతస్తు మనిషి నిద్ర లేచి, పిల్లల్ని లేపి, తలుపు తీసేసరికి ల్యాండింగ్ నల్లగా నిండిపోయి ఉంటుంది. ఇలాంటి ప్రమాదాల్లో ప్రాణాలు తీసేది ఎక్కువగా మంట కాదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో జరిగింది ఇదే. కింది అంతస్తులో నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుంటే, పై ఫ్లాట్లలో ఉన్న తొమ్మిది మంది చనిపోయారు.

మెట్లలో నుంచి కరెంటు షాఫ్టులు, గ్యాసు పైపులు పోకూడదని, మెట్ల కింద నిల్వలు ఉండకూడదని కోడ్ ఎప్పటి నుంచో చెబుతూనే ఉంది. రాష్ట్రం తన నిబంధనల్లోకి తెచ్చుకున్నంత మేరకే అది చట్టం, మిగిలినది సలహా. అపార్ట్‌మెంట్ కట్టిన నాడు మీటర్ బోర్డుకు వైరు ఖర్చు తగ్గే చోటు మెట్ల కిందే కాబట్టి అది అక్కడికి చేరింది, ఆపైన ఎవరూ కదపలేదు.

అందువల్ల నా వాదన ఒక్కటే. చిన్న అపార్ట్‌మెంట్‌లో పెట్టగలిగిన ప్రతి రూపాయీ ముందు స్టిల్ట్‌కూ మెట్లకూ మధ్య గోడ కట్టడానికి పోవాలి. మెట్ల అడుగు, లిఫ్ట్ తలుపు రెండూ లోపలికి వచ్చేలా ఇటుక గోడతో చిన్న లాబీ కట్టి, దానికి కనీసం గంట సేపు మంటను ఆపగలిగే ఫైర్ డోర్ ఒకటి బిగించాలి. తలుపు బయటి వైపుకే తెరుచుకోవాలి, తనంతట తాను మూసుకునేలా డోర్ క్లోజర్ ఉండాలి, అంచుల్లో వేడికి ఉబ్బి సందులు మూసే పట్టీ ఉండాలి. మీటర్ బోర్డు ఈ గోడకు బయట, వీలైతే ప్రహరీ వైపు ఉండాలి. ఈ మొత్తానికి పోయేది నాలుగైదు బైకులు పెట్టుకునే చోటు.

అయితే లాబీతో పని పూర్తి కాదు. పార్కింగే తగలబడుతున్నప్పుడు ఆ తలుపు తెరిస్తే జనం మంటలోకే అడుగుపెడతారు. ఇక్కడే చాలా భవనాల్లో ఎవరూ గుర్తించని సౌలభ్యం ఒకటి ఉంది. గాలీ వెలుతురూ రావడానికి మన మెట్లను సాధారణంగా భవనం పక్క గోడకు ఆనించి కడతారు. ఆ గోడకు అవతల ఉన్నది సెట్‌బ్యాక్, అంటే ఖాళీ స్థలం. పిల్లర్ల మీద నిలబడే కట్టడాల్లో పిల్లర్ల మధ్య గోడ సాధారణంగా బరువు మోయదు, కాబట్టి ఇంజనీరుకు చూపించి నేల మట్టంలో అక్కడ ఒక తలుపు తెరిపించవచ్చు. మెట్లు దిగిన మనిషి పార్కింగ్‌తో పని లేకుండా నేరుగా సెట్‌బ్యాక్‌లోకి వచ్చి, అక్కడి నుంచి గేటుకు చేరతాడు. రెండో మెట్ల దారి కట్టలేని భవనానికి ఇంతకన్నా చౌకైన రెండో మార్గం లేదు. ఆ సెట్‌బ్యాక్‌లో జనరేటర్, వాచ్‌మన్ గది, పాత సామాన్లు లేకుండా చూసుకోవాలన్నది వేరే చెప్పాలా?

ఇక పై భాగం. ప్రతి ల్యాండింగ్‌లో బయటికి కనీసం అర చదరపు మీటరు తెరిచి ఉండాలని కోడ్ అంటుంది. వాన జల్లు పడుతోందని, పావురాలు వస్తున్నాయని మనవాళ్లు దానికి కదలని అద్దం బిగిస్తారు. పావురాలకు వల చాలు, అద్దం అక్కర్లేదు. టెర్రస్ తలుపుకు తాళం వేసి తాళం చెవి ప్రెసిడెంటు ఇంట్లో పెట్టడం ఇంకో అలవాటు. ఇక్కడ ఒక మెలిక ఉంది. కింద తెరిచి ఉండగా పైన కూడా తెరిస్తే మెట్ల గది పొగ గొట్టంలా మరింత జోరుగా లాగుతుంది. కింద తలుపు మూసి ఉన్నప్పుడే పైన తెరవడం మేలు చేస్తుంది, చొరబడిన కాస్త పొగా బయటికి పోతుంది. అంటే కింద గోడ లేకుండా టెర్రస్ తాళాల మీద తీర్మానాలు చేయడం సగం పనే.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ఫైర్ డోర్ పెట్టిన వారానికే ఎవరో దాన్ని తెరిచి ఉంచడానికి ఇటుక అడ్డం పెడతారని, పక్క తలుపు దొంగలకు దారి అవుతుందని, ఇప్పటికే మెయింటెనెన్స్ కట్టనివాళ్లు దీనికి కడతారా అని అంటారు. ఇందులో మొదటిది నిజమైన చిక్కే. మామూలుగా అయస్కాంతం పట్టి తెరిచి ఉంచి, పొగను పసిగట్టగానే వదిలేసే ఏర్పాటు దానికి ఉంది. పక్క తలుపుకు లోపలి నుంచి నెడితే తెరుచుకుని బయటి నుంచి తెరవరాని పుష్ బార్ పెట్టవచ్చు. డబ్బు విషయంలో మాత్రం వాదన నిలవదు, ఎందుకంటే అదే భవనం గేటుకు సీసీ కెమెరాలు ఎవరూ అడగకుండానే వచ్చాయి.

ఎక్స్‌టింగ్విషర్ల గురించి చెప్పాల్సింది తక్కువ. ఆరు కిలోల పౌడర్ సిలిండర్ ఇచ్చే సమయం పదిహేను ఇరవై సెకన్లు. అంతలో ఆర్పగలిగేది చెత్తబుట్ట మంటనూ, అప్పుడే రాజుకున్న ప్యానెల్‌నూ మాత్రమే. స్కూటర్ బ్యాటరీ అంటుకుంటే పౌడర్ పైమంటను అణచవచ్చు గానీ లోపలి వేడిని చల్లార్చలేదు, అది మళ్లీ రాజుకుంటుంది. కాబట్టి మీటర్ బోర్డు దగ్గర ఒక కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, అంతస్తుకు ఒక పౌడర్ సిలిండర్ ఉంచి, నెలకోసారి గేజ్ ముల్లు పచ్చ గీతలో ఉందా, పిన్నుకు సీల్ ఉందా చూసి, గడ్డ కట్టకుండా పౌడర్ సిలిండర్‌ను తలకిందులు చేసి కుదపాలి. నేను చూసిన వాటిలో చాలా సిలిండర్ల మీద ట్యాగ్ తేదీ ఓసీ, అంటే భవనంలో నివాసానికి మునిసిపాలిటీ ఇచ్చే పత్రం, వచ్చిన ఏడాదిదే.

అగ్నిప్రమాదంలో జనం సురక్షితంగా ఆగడానికి ఎత్తైన భవనాల్లో వదిలే ఆశ్రయ ప్రాంతం మాటకొస్తే, నిర్ణీత ఎత్తు దాటిన భవనాలకే దాన్ని అడుగుతారు, మన ఐదంతస్తులకు కాదు. ఇక్కడ ఆశ్రయం ఎవరి ఫ్లాట్ వారిదే. మెట్లలో పొగ ఉందని తెలిస్తే బయటికి పరుగెత్తకుండా మెయిన్ డోర్ మూసి, కింది సందులో తడి గుడ్డ దోపి, రోడ్డు వైపు బాల్కనీలోకి వచ్చి కనిపించాలి. ఆ బాల్కనీని మనం ఏం చేశాం? కింది నుంచి పై దాకా ఇనుప గ్రిల్ బిగించేశాం. నిచ్చెన వేసి ఎక్కిన ఫైర్‌మన్ ఆ గ్రిల్‌ను కట్టర్‌తో కోయాలి. మనిషి దూరగలిగే మేర లోపలి నుంచి తెరుచుకునే గ్రిల్ తలుపు ఒకటి ఉండాలని ఏ అసోసియేషన్ తీర్మానంలోనూ నాకు కనపడలేదు.

ఇదంతా ఎవరూ అడగకపోవడానికి కారణం చట్టం భవనాన్ని ఎత్తుతో కొలవడమే. తెలంగాణ అగ్నిమాపక చట్టం కింద నివాస భవనానికి అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం, ఎన్‌ఓసీ, 18 మీటర్ల నుంచే మొదలవుతుంది. బిల్డర్ ఆ గీతకు కాస్త కింద ఆగుతాడు, అది అతని తప్పు కాదు, చట్టమే అక్కడ ఆగమంది. కానీ 17 మీటర్ల దగ్గర ఒకే మెట్ల దారిలో ఇరుక్కున్న వాళ్లకు, 19 మీటర్ల దగ్గర రెండు దారులు ఉన్న వాళ్లకన్నా ప్రమాదం ఎక్కువ. గీత మీటర్లలో కాక మెట్ల దారుల సంఖ్యలో ఉండాలి. ఒకే మెట్ల దారి ఉండి, దాని కింద వాహనాలో దుకాణమో గోదామో ఉన్న ప్రతి భవనానికీ, ఎత్తుతో నిమిత్తం లేకుండా, మెట్లను వేరు చేసే గోడా తలుపూ తప్పనిసరి చేయాలి. ఓసీ ఇచ్చిన రోజున ఒకసారి చూసి వదిలేయకుండా, ఆస్తి పన్ను కట్టేటప్పుడు ఏటా ఆ తలుపు ఫొటో తీసుకుని పరిశీలించాలి. కొత్త కార్యాలయం పెట్టనక్కరలేదు, తనిఖీల పేరుతో ఇంకో లంచాల కౌంటరూ అక్కరలేదు. పన్ను రసీదుకు ఆ ఫొటోను ముడిపెడితే, మొదటి ఏడాదే ఏ భవనాల్లో మెట్లను వేరు చేసే గోడా తలుపూ లేవో మునిసిపాలిటీ చేతికి వీధుల వారీగా జాబితా వస్తుంది.