గేటు దగ్గర నుంచి చూసిన మోటారు

(విజయవాడ సత్యనారాయణపురంలో ఒక పాత డాబా. ఉదయం ఎనిమిది గంటలు. మేడ మీద ట్యాంకు ఎండిపోయింది, సంపు పక్కన ఉన్న అర హెచ్‌పీ మోటారు తిరగడం మానేసింది. ఎలక్ట్రీషియన్ ధర చెప్పి, "ఆలోచించుకోండి" అని వీధి చివరి టీ కొట్టుకు వెళ్ళాడు. రామనాథం గారు పదవీ విరమణ చేసిన తెలుగు పండితులు. తాయారమ్మ గారు సహకార సంఘంలో లెక్కలు చూసి వచ్చినవారు.)

రామనాథం: తాయారూ, అతడు 3,200 అడిగాడు. నేను 1,600 అంటాను, అతడు తల గోక్కుంటాడు, చివరికి 2,400 దగ్గర ఇద్దరికీ రాజీ కుదురుతుంది. వెళ్ళి ఆ మాట చెప్పి వస్తాను.

తాయారమ్మ: చెప్పిన దాంట్లో సగం కోయడమే మీ పద్ధతైతే, అతడు 6,000 చెప్పి ఉంటే మీరు 3,000కు ఒప్పుకొని వీధంతా గెలిచానని చెప్పుకొనేవారు. ఇంతకీ ఆ 3,200 దేనికో అడిగారా?

రామనాథం: అడగకపోవడమేమిటి? మోటారు కాలిపోయిందట, విప్పి తీసుకువెళ్ళి వైండింగ్ చేయించి మళ్ళీ బిగిస్తాడట.

తాయారమ్మ: కాలిపోయిందని అతనికి ఎలా తెలిసింది?

రామనాథం: గేటు దగ్గర నిలబడి నన్ను స్విచ్ వేయమన్నాడు. 'గుంయ్' మని శబ్దం వచ్చింది. "అయ్యో, పోయింది సార్" అన్నాడు. ఆ గొంతులో ఎంత జాలి ఉందనుకున్నావు!

తాయారమ్మ: గుమ్మం దాటకుండానే నాడి చూసిన వైద్యుడికి మీరు బేరం ఆడబోతున్నారన్నమాట. రోగం తేలకుండా మందు ధర ఎక్కువో తక్కువో ఎలా చెబుతారండీ? తెనాలిలో మోటారు వైండింగ్ కొట్టు నడిపిన మా అన్నయ్య ఎప్పుడూ అనేవాడు...

రామనాథం: మీ అన్నయ్య ప్రస్తావన లేకుండా ఈ ఇంట్లో ఒక్క బల్బు కూడా వెలగదు కదా. చెప్పు, ఏమనేవారు?

తాయారమ్మ: 'గుంయ్' మంటూ తిరగని మోటారుకు చాలాసార్లు కండెన్సర్ పోయి ఉంటుందనేవాడు. మన ఇళ్ళలోని సింగిల్ ఫేజ్ మోటారు తనంతట తాను తిరగడం మొదలుపెట్టలేదు, కండెన్సర్ దానికి మొదటి తోపు ఇస్తుంది. అది నీరసించినా, చాలాకాలం వాడక షాఫ్ట్ బిగుసుకుపోయినా ఇదే మూలుగు వినిపిస్తుంది. వైండింగ్ కాలితే మాత్రం సాధారణంగా కమురు వాసన వస్తుంది, ఎంసీబీ కూడా పడిపోవచ్చు. మీకు వాసన వచ్చిందా?

రామనాథం: నీవు పోపులో వేసిన ఇంగువ తప్ప వేరే వాసన రాలేదు. (తటపటాయిస్తూ) అయితే ఒక చిన్న సంగతి. తిరుగుతుందేమోనన్న ఆశతో, పత్రికలో సంపాదకీయం పూర్తయ్యేవరకు స్విచ్ ఆపకుండా ఉంచాను.

తాయారమ్మ: రామ రామ! తిరగకుండా మూలుగుతున్న మోటారు మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అలా కొన్ని నిమిషాలు వదిలేస్తే బాగున్న వైండింగ్ కూడా కాలిపోవచ్చు. ఇక ఆ ఎలక్ట్రీషియన్ మాట నిజమై ఉండదని నేను గట్టిగా అనలేను, ఆ సంపాదకీయం అంత పొడవైనది మరి.

రామనాథం: చూశావా, నీవే అతని పక్షానికి వచ్చేశావు. 2,400 ఇచ్చేద్దాం.

తాయారమ్మ: నేను పరీక్ష పక్షంలో ఉన్నాను. మెయిన్ ఆపి, వెనుక ఫ్యాను మూత తీసి, షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూడాలి. సులువుగా తిరిగితే కొత్త కండెన్సర్ పెట్టి చూడాలి. అప్పటికీ తిరగకపోతే, వైండింగ్‌కూ మోటారు బాడీకీ మధ్య టెస్ట్ లాంప్ పెట్టి, కరెంటు బాడీకి దిగుతున్నదేమో చూడాలి. ఇదంతా అతని పని, మీరు సంపు దగ్గరికి కూడా వెళ్ళవద్దు. కండెన్సర్‌లో మెయిన్ ఆపిన తరువాత కూడా కరెంటు నిలవ ఉండి షాక్ కొట్టవచ్చు.

రామనాథం: సరే, పరీక్ష చేశాక నిజంగానే వైండింగ్ పోయిందనుకో. అప్పుడు 3,200 న్యాయమేనా?

తాయారమ్మ: అప్పుడు దానిని ముక్కలు చేసి చూస్తాం. కాగితం ఇలా ఇవ్వండి, మీ పద్యం రాసుకున్న వైపు కాదు, రెండో వైపు. అర హెచ్‌పీ మోటారుకు వైండింగ్ కొట్టువాడు 1,500 తీసుకుంటానని పొద్దున ఫోనులో చెప్పాడు.

రామనాథం: ఫోనా? ఎప్పుడు చేశావు?

తాయారమ్మ: మీరు జాలిపడుతున్నప్పుడు. ఇక విప్పి బిగించడానికి రెండు దఫాలు రావాలి, అంతా కలిపితే పూట పని. మన పేటలో ఎలక్ట్రీషియన్ రోజు కూలి 1,000 అనుకుంటే పూటకు 500. ఆటో ఖర్చు 200. మొత్తం 2,200 అవుతుంది. మిగిలిన 1,000 దేనికో అతడే చెప్పాలి. బేరింగులు కూడా మారుస్తానంటే వాటి ధర విడిగా చెప్పమనండి, సమంజసమే. ఊరికే "అన్నీ కలిపి సార్" అంటే మాత్రం ఆ 1,000 మీ మొహం చూసి వేసినది.

రామనాథం: అంటే నా 1,600 మరీ అన్యాయమైన బేరమన్నమాట.

తాయారమ్మ: అన్యాయమే కాదు, ప్రమాదం కూడా. అతనికి గిట్టని ధరకు ఒప్పిస్తే రాగి తీగకు బదులు అల్యూమినియం తీగ చుట్టించి తెస్తాడు, అది తొందరగా వేడెక్కి వచ్చే వేసవికి మళ్ళీ మూలుగుతుంది. పైకి రాగి రంగే కనిపించవచ్చు, తెంపిన కొన తెల్లగా ఉన్నదో ఎర్రగా ఉన్నదో చూడాలి. రాగి తీగేనని, ఆరు నెలల లోపు కాలితే ఉచితంగా చుట్టిస్తానని బిల్లు మీద రాయించుకున్నాకే ధర ఖాయం చేద్దాం. ఇంకొకటి, కొత్త మోటారు 4,000కు వస్తున్నప్పుడు పదకొండేళ్ళ పాతదాని మీద 3,200 పెట్టడానికి అసలు బేరమెందుకు?

రామనాథం: ఇప్పుడు నేను టీ కొట్టుకు వెళ్ళి ఏమనాలి? నీవు చెప్పినదంతా అప్పజెబితే అతడు రెండో టీ తాగవలసి వస్తుంది.

తాయారమ్మ: "ముందు విప్పి చూడు బాబూ, చూసినందుకు ఎంతో ఇప్పుడే చెప్పు, కండెన్సర్ మారిస్తే ఎంతో చెప్పు, వైండింగే అయితే ఏది ఎంతో విడివిడిగా చెప్పు, తీసిన పాత సామాను మాకు ఇచ్చెయ్యి" అనండి. కోపం లేకుండా అనండి. బాగా పని తెలిసినవాడు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు.

(గంటన్నర గడిచింది. సంపు దగ్గర మోటారు నిండుగా మోగుతున్నది. రామనాథం గారు చేతిలో పాత కండెన్సర్‌తో వచ్చారు.)

రామనాథం: షాఫ్ట్ తిరిగింది, కండెన్సర్ ఉబ్బిపోయి ఉంది. దీనిమీద 10 మైక్రోఫారడ్లని రాసి ఉంది, కొత్తదాని మీదా అదే ఉందని కళ్ళజోడు పెట్టుకొని మరీ చూశాను. అయితే ఇప్పుడు అన్యాయం విను. సామాను ఖరీదు 130, పని పది నిమిషాలు, అడుగుతున్నది 400! సగానికి...

తాయారమ్మ: 400 ఇచ్చెయ్యండి. పది నిమిషాలకు కాదు, పొద్దున ఒకసారి వచ్చాడు, మీ జవాబు కోసం టీ కొట్టులో కూర్చున్నాడు, సామాను కోసం బండి మీద బజారుకు వెళ్ళి వచ్చాడు. ఒక పూటలో సగం మనింట్లోనే పోయింది. 500 అడిగి ఉంటే నేనే ఆలోచించేదాన్ని.

రామనాథం: ఒక్క రూపాయి కూడా తగ్గించకుండా ఇస్తే నేను ఆడిన బేరమేమిటి?

తాయారమ్మ: ఆ పాత కండెన్సర్ తెచ్చారు కదా, అదే. బల్ల మీద పెట్టకండి, మనవరాలు ముట్టుకుంటుంది.