యాభై రూపాయల విచారణ సంఘం

ఒడిశాలోని రాయగడలో మా వీధి అరుగు మీద ఒక న్యాయస్థానం వెలసింది. మొన్నటి ముద్దాయికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. తండ్రి చొక్కా జేబులోంచి యాభై రూపాయల నోటు తీస్తుండగా తల్లి కళ్లారా చూసింది. అంటే తేలవలసింది ఏమీ లేదు. అయినా విచారణ జరిగి తీరింది.

"డబ్బు నువ్వు తీశావా?" అన్నాడు తండ్రి, తెలిసి తెలిసీ. "లేదు" అన్నాడు పిల్లవాడు. దొంగతనానికి అబద్ధం తోడైంది. ఎదురింటి పెద్దాయన ఊరి దేవత మజ్జి గౌరమ్మ తల్లి మీద ఒట్టు వేయించారు. వేశాడు. నేరాలు మూడయ్యాయి, అందులో రెండు పెద్దలు దగ్గరుండి చేయించినవే. పక్కింటి మేష్టారు లేచి, "నిజం చెబితే ఎవరూ కొట్టరు, చెప్పరా" అని అభయమిచ్చారు. చెప్పాడు. తండ్రి కొట్టాడు. అభయమిచ్చింది మేష్టారు గానీ తాను కాదట!

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వారు నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల మీద అధ్యయనం చేసి, శిక్ష ఉంటుందని బెదిరిస్తే నిజం చెప్పేవాళ్లు తగ్గుతారని 2015లో ప్రకటించారు. పాపం, అంత దూరంలో ఎందుకు శ్రమపడ్డారో! మా అరుగు మీద ఒక సాయంత్రం కూర్చుంటే సరిపోయేది.

తీర్పు: నెల రోజులు ఆటలు రద్దు.

ఎందుకు తీశావని అడిగింది ఒక్క నానమ్మే, అదీ రాత్రి అన్నం పెడుతూ. అయిదు ప్లేట్ల గుప్‌చుప్, ప్లేటు పది. ఒకటి వాడికి, నాలుగు తరగతిలోని నలుగురికి. వాడి తడబడే ఒడియా విని నవ్వి, క్రికెట్టుకు రానివ్వనిది ఆ నలుగురే. స్నేహితులు లేక దొంగతనం చేసినవాడికి మీరు వేసిన శిక్ష, స్నేహితులు దొరికే ఆ ఒక్క గంటా లాగేసుకోవడం! వీధి మొత్తం ముందు "దొంగ" అని పిలిచారు కదా, రేపు ఆ నలుగురూ ఏమని పిలుస్తారో ఆలోచించారా? సిగ్గుండాలి, వాడికి కాదు.

గదిలోకి ఒక్కణ్నే పిలిచి, "నా జేబులో యాభై తీశావని తెలుసు, దేనికి కావలసివచ్చింది?" అంటే అబద్ధానికి చోటే ఉండేది కాదు. యాభై ఎలాగూ తిరిగి కట్టాలి: వారానికిచ్చే ఇరవైలో పది తగ్గిస్తే అయిదు వారాల్లో తీరుతుంది. ఆ నలుగురిలో ఇద్దరిని ఆదివారం ఇంటికి పిలిస్తే అసలు జబ్బుకు మందు పడుతుంది. ఏ పెద్ద కుర్రాడో బెదిరించి తెప్పించుకున్నాడని తేలితే పిల్లవాణ్ని వదిలి బడికి వెళ్లాలి. ఊరికే నోరూరి తీస్తే బాకీ తీర్చడంతో చాలు. నెలల తరబడి ఆగక, దానికి జంతువుల్ని హింసించడమో నిప్పు పెట్టడమో తోడైతే అప్పుడు పిల్లల మానసిక వైద్యులు కావాలి, మేష్టారు కాదు.

తండ్రి మాత్రం మందు పనిచేసిందని మురిసిపోతున్నాడు. నిజమే, వాడు ఇప్పుడు చొక్కా జోలికి పోవడం లేదు. పోపుల డబ్బాలో తల్లి దాచుకునే చిల్లర తగ్గుతోంది.