వెస్ట్‌ఫేలియా మతాన్నీ రాజ్యాన్నీ విడదీయలేదు, ఒక తేదీకి కట్టేసింది

గ్రూప్స్ నోట్సు తిరగేసినా, సివిల్స్ వీడియోలు చూసినా 1648 దగ్గర ఒకటే వాక్యం: "వెస్ట్‌ఫేలియా సంధితో యూరప్‌లో మతం, రాజ్యం వేరయ్యాయి, సార్వభౌమాధికారం పుట్టింది." పరీక్షలో మార్కు పడుతుందేమో గానీ, ఒప్పందం చదివితే అందులో కనిపించేది వేరు. చర్చి ఆస్తులు, బిషప్ పదవులు, గంటలు, శవాల ఊరేగింపులు, బడిపిల్లలు, ఏ ఊళ్ళో ఎవరికెన్ని కౌన్సిల్ సీట్లు అనే లెక్కలతో పేజీలకు పేజీలు నిండిపోయాయి. మతాన్ని పక్కన పెట్టిన వాళ్ళు రాసుకునే కాగితం ఇలా ఉండదు.

జర్మన్ రాజ్యాలను చీల్చిన ముప్పై ఏళ్ళ యుద్ధాన్ని ముగించిన ఈ సంధి చేసిన అసలు పని ఒక తేదీని ఎంచుకోవడం. 1624 జనవరి 1. ఆ రోజున ఏ ఊరి గుడి ఎవరి చేతిలో ఉందో, ఏ ఆరాధన నడుస్తోందో, ఇకపై అదే. రాజు మతం మార్చుకున్నా సరే, కొత్త రాజు వచ్చినా సరే. ఇది అర్థం కావాలంటే 1555 దాకా వెనక్కి వెళ్ళాలి.

ఆ ఏడాది ఆగ్స్‌బర్గ్‌లో కుదిరిన ఒప్పందం క్యాథలిక్‌లకూ లూథరన్లకూ మాత్రమే చోటిచ్చింది. (లూథరన్లను అందులో "ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం వాళ్ళు" అంటారు. గుంటూరు లూథరన్లకు ఈ పేరు కొత్తేమీ కాదు.) ప్రొటెస్టెంట్లలోనే మరో శాఖ అయిన కాల్వినిస్టులకు చోటు లేదు. ప్రభువు ఏ మతమైతే ప్రజలూ అదే, ఇష్టం లేనివాళ్ళు ఆస్తి అమ్ముకుని పోవచ్చు. "ఎవరి రాజ్యమో వారి మతం" అన్న ప్రసిద్ధ సూత్రం ఒప్పందంలో లేదు, తర్వాత ఒక న్యాయశాస్త్ర పండితుడు పెట్టిన పేరు. ఈ ఏర్పాటులో పెద్ద లోపం ఏమిటంటే అంతా ప్రభువు మనసు మీద ఆధారపడి ఉంది. ఆయన మారితే రాజ్యం మొత్తం మారాలి. మరి మారింది బిషప్పే అయితే? జర్మనీలో బిషప్పులు దేశాలేలే ప్రభువులు కూడా. 1582లో కొలోన్ ఆర్చిబిషప్ గెబ్‌హార్ట్ ప్రొటెస్టెంట్ అయ్యాడు, మరుసటి ఏడాది ఆగ్నెస్ అనే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు, పదవి మాత్రం వదలనన్నాడు. మతం మారిన బిషప్ పదవి వదులుకోవాలని 1555 ఒప్పందంలోనే ఉంది. ఆ షరతుకు తాము ఒప్పుకోనే లేదని ప్రొటెస్టెంట్ల వాదన. దాంతో మొదలైన కొలోన్ యుద్ధం ఏళ్ళ తరబడి సాగింది.

తేదీల గొడవ కూడా అప్పుడే మొదలైంది. 1555 ఒప్పందానికి కొలబద్ద 1552. అంటే ఆ ఏడాదికి ముందు ప్రొటెస్టెంట్ ప్రభువులు తీసుకున్న చర్చి ఆస్తులు వాళ్ళవే. తర్వాత తీసుకున్నవో? డెబ్భై ఏళ్ళు ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. ముప్పై ఏళ్ళ యుద్ధంలో గెలుపు మీదున్న, ఈ జర్మన్ రాజ్యాలన్నిటికీ పైనుండే క్యాథలిక్ చక్రవర్తి రెండవ ఫెర్డినాండ్ 1629 మార్చి 6న ఒక శాసనం తెచ్చాడు. 1552 తర్వాత పోయినవన్నీ క్యాథలిక్ చర్చికి తిరిగి ఇచ్చెయ్యాలి. చట్టం ప్రకారం ఆ అన్వయంలో తప్పు పట్టడం కష్టమే. కానీ మూడు తరాలుగా లూథరన్ పాస్టర్లు ప్రసంగించిన గుళ్ళు, ఆ మఠాల భూముల ఆదాయంతో నడిచే బడులు ఒక్క సంతకంతో చేతులు మారాలంటే, అప్పటిదాకా చక్రవర్తికి విధేయంగా ఉన్న లూథరన్ రాజ్యం సాక్సనీ కూడా ఎదురు తిరిగింది. తేదీ మరీ వెనక్కి పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

అందుకే 1640ల్లో మ్యూన్‌స్టర్, ఓస్నబ్రుక్ పట్టణాల్లో బేరం కూర్చున్నప్పుడు పోరంతా ఏ ఏడాది అన్నదాని మీదే. ప్రొటెస్టెంట్లు 1618 కావాలన్నారు, అంటే యుద్ధానికి ముందు స్థితి. క్యాథలిక్‌లు తమ విజయాలు నిలిచే 1630 దగ్గరి తేదీ కోరారు. మధ్యలో 1624 దగ్గర తెగింది. అందులో న్యాయసూత్రమేమీ లేదు, అచ్చంగా సంత బేరం. నా దృష్టిలో దాని బలం కూడా అదే. ఎవరి మతం నిజమన్న ప్రశ్న జోలికి పోకుండా ఆ రోజు ఏముందో చూడండి అంది. (ఓస్నబ్రుక్ ఒప్పందం మీదే రెండు తేదీలుంటాయి, 14/24 అక్టోబర్ 1648. పోప్ 1582లో సరిచేసిన క్యాలెండర్‌ను ప్రొటెస్టెంట్లు ఇంకా ఒప్పుకోలేదు. చివరి రోజు సంతకం దగ్గర కూడా ఈ పది రోజుల తేడా వదల్లేదు!)

చెప్పడం తేలిక. ఊళ్ళోకి వెళ్ళి 1624లో ఏముందో తేల్చడమే కష్టం. ఓస్నబ్రుక్ బిషప్ రాజ్యమే చూడండి. అదృష్టమో దురదృష్టమో, అక్కడ 1624-25లోనే లుసేనియస్ అనే క్యాథలిక్ అధికారి గుడిగుడికీ తిరిగి తనిఖీ చేశాడు. ఆయనకు కనిపించినవాళ్ళు అటూ ఇటూ కానివాళ్ళు. పేరుకు క్యాథలిక్ గురువు, బలిపూజా చేస్తాడు, కానీ ఇంట్లో ఆడమనిషి, పిల్లలు. ప్రభు భోజన సంస్కారంలో ప్రొటెస్టెంట్ల లాగా జనానికి అప్పంతో పాటు ద్రాక్షరసమూ ఇస్తాడు, మధ్యలో జర్మన్ కీర్తనలు. ఇలాంటి ఊరు 1624 జనవరి 1న ఏ మతం? దశాబ్దాలుగా ఆ జనానికి ఈ ప్రశ్నే రాలేదు. సంధి వచ్చాక మాత్రం సమాధానం తప్పనిసరైంది. ప్రతి ఊరికీ ఒక పేరు తగిలించారు. కలగాపులగంగా బతికిన ఊరు కాగితం మీద ఏదో ఒక పక్కకి ఒరిగింది, ఆ తర్వాత మనుషులూ ఒరిగారు. మతాల మధ్య గోడలను 1648 కూల్చిందంటారు గానీ ఇక్కడ అది కొత్తగా కట్టింది.

ఆ రాజ్యం పై కుర్చీకి వేసిన లెక్క ఇంకా చిత్రం. ఒకసారి క్యాథలిక్ బిషప్, ఆయన తర్వాత బ్రన్స్‌విక్ వంశపు లూథరన్ ప్రభువు, మళ్ళీ క్యాథలిక్, ఇలా వంతులవారీగా. లూథరన్ల వంతు వచ్చిన 1764లో ఇంగ్లండ్ రాజు మూడవ జార్జి కొడుకు ఫ్రెడరిక్‌ను బిషప్‌ను చేశారు. అప్పటికి ఆ పిల్లాడికి నిండా ఏడు నెలలు లేవు.

మరి 1624లో లేని మతం వాళ్ళు ఏం చేయాలి? ఒప్పందం వాళ్ళను గాలికి వదల్లేదు. ఆరాధనను మూడు మెట్లుగా చేసింది. పై మెట్టు బహిరంగ ఆరాధన, దానికి గుడి, గోపురం, గంట ఉంటాయి. రెండోది ప్రైవేటు ఆరాధన, ప్రార్థనా మందిరం ఉండొచ్చు, ఆర్భాటం ఉండదు. చివరిది ఇంట్లో ప్రార్థన. 1624 హక్కు ఏదీ లేనివాళ్ళకు కూడా ఈ చివరిది ఉంది. పక్క ఊరి గుడికి వెళ్ళొచ్చు, పిల్లల్ని తమ మతం బడికి పంపొచ్చు, శవానికి శ్మశానంలో చోటు కాదనకూడదు. ప్రభువు వెళ్ళిపొమ్మంటే వెళ్ళాలి, కానీ గడువుంది. సంధి నాటికే అక్కడున్నవాళ్ళకు 5 ఏళ్ళు, తర్వాత మతం మారినవాళ్ళకు 3 ఏళ్ళు. కాల్వినిస్టులకు కూడా ఈసారి చోటు దొరికింది.

ఒక్క చోట మాత్రం చక్రవర్తి 1624ను గడప దాటనివ్వలేదు. అది ఆయన సొంత హాబ్స్‌బర్గ్ వంశపు భూములు. 1618లో ప్రేగ్ కోట కిటికీలోంచి చక్రవర్తి మనుషుల్ని తోసేసి యుద్ధానికి తెర తీసిన బొహీమియా ప్రొటెస్టెంట్లకు, ముప్పై ఏళ్ళ తర్వాత దక్కింది సున్నా. ప్రొటెస్టెంట్ల పక్షాన పోరాడిన స్వీడన్ ఎంత పట్టుబట్టినా, కొత్తగా గుళ్ళు కట్టుకునే మినహాయింపు సైలీషియాకే దొరికింది. అక్కడ మూడు ఊళ్ళలో, ష్వైడ్నిట్స్, యావర్, గ్లోగౌలలో, ఒక్కో లూథరన్ గుడి కట్టుకోవచ్చు. షరతులు వినండి. గుడి ఊరి గోడ బయటే ఉండాలి. రాయి, ఇటుక వాడకూడదు, కట్టె, మట్టి, గడ్డి మాత్రమే. గోపురం ఉండకూడదు, గంట ఉండకూడదు. ఏడాదిలో పూర్తి కావాలి. ఇన్ని కట్టడిల మధ్య వాళ్ళు కట్టెల చట్రం నిలబెట్టి, మధ్య ఖాళీల్లో గడ్డి కలిపిన మట్టి మెత్తి, లోపల గోడల వెంట అంతస్తుల మీద అంతస్తులుగా బాల్కనీలు వేసి, వేల మంది పట్టే గుళ్ళు లేపారు.  గ్లోగౌది 1758లో కాలిపోయింది. మిగతా రెండూ ఈనాటి పోలండ్‌లో నిలబడే ఉన్నాయి. అక్కడికి వెళ్ళే పర్యాటకులు వాటిని సహనానికి గుర్తుగా ఫోటో తీసుకుంటారు. నాకైతే పగబట్టిన కాంట్రాక్టు నిబంధనలే కనిపిస్తాయి.

దీనికి పూర్తి విరుద్ధం ఆగ్స్‌బర్గ్ నగరం. అక్కడ సమానత్వాన్ని లెక్కపద్దులా రాశారు. పై మండలిలో ఏడుగురు. అందులో ఇద్దరు అధ్యక్షులు, ఒకరు క్యాథలిక్, ఒకరు లూథరన్. మిగిలిన ఐదుగురిలో ముగ్గురు క్యాథలిక్‌లు, ఇద్దరు లూథరన్లు. ఖజానాకు ముగ్గురు అధికారులు. ఈ ఏడాది ఇద్దరు క్యాథలిక్‌లు, ఒక లూథరన్ అయితే, వచ్చే ఏడాది తారుమారు. అదే ఏడాది ఆయుధశాలలో లూథరన్లు ఇద్దరుండాలి, అప్పుడే తూకం కుదురుతుంది. ఒక్కరే ఉండే పదవి అయితే వంతులు. ఇంతా చేసి, పై మండలిలో ఒక ఓటు ఎక్కువుంది కదా అని క్యాథలిక్‌లు దాన్ని దుర్వినియోగం చేయకూడదని కూడా రాశారు. జనాభాతో దీనికి సంబంధం లేదు. 1648లో ఊళ్ళో లూథరన్లే ఎక్కువ, తర్వాతి శతాబ్దంలో క్యాథలిక్‌లు ఎక్కువయ్యారు, లెక్క మాత్రం మారలేదు. 1629 ఆగస్టు 8న తమ ప్రసంగాలను ఆపించిన రోజును గుర్తుపెట్టుకుని 1650 నుంచి అక్కడి లూథరన్లు అదే తేదీన శాంతి పండుగ చేశారు. ఇప్పటికీ ఆ ఒక్క నగరానికి ఆగస్టు 8 సెలవు.

ఇక రోమ్. పోప్ పదవ ఇన్నోసెంట్ ఈ మతపరమైన షరతులన్నీ చెల్లవని ప్రకటించాడు. పత్రం మీద తేదీ 1648 నవంబర్ 26, బయటికి వచ్చింది 1650లో. ఇలాంటిదేదో వస్తుందని ముందే ఊహించి, చర్చి చట్టం పేరుతో ఎవరు అభ్యంతరం చెప్పినా చెల్లదని ఒప్పందంలోనే రాసుకున్నారు. ఆ వాక్యానికి క్యాథలిక్ చక్రవర్తి ఒప్పుకున్నాడు చూడండి, చర్చి-రాజ్య సంబంధంలో నిజమైన మార్పు వెతకాల్సింది అక్కడ. రాజు మతం వదల్లేదు. మతం గురించిన ఒప్పందాన్ని కొట్టేసే అధికారం రోముకు లేదన్నాడు, అంతే.

ఇవన్నీ పటిష్ఠంగా నిలిచాయా అంటే, సాల్జ్‌బర్గ్ సంగతి చూడాలి. 1731లో ఆర్చిబిషప్ ఫిర్మియన్ తన కొండ ప్రాంతాల్లోని లూథరన్ రైతుల్ని వెళ్ళగొట్టాడు. భూమి లేనివాళ్ళకు ఇచ్చిన గడువు 8 రోజులు. 3 ఏళ్ళ షరతు ఏమైందంటే, వీళ్ళు వేరే మతంవాళ్ళు కాదు, తిరుగుబాటుదారులు, కాబట్టి ఆ షరతు వర్తించదన్నాడు. ఒప్పందం ఉన్నచోట దాన్ని దాటే దారి ఎప్పుడూ ఇదే, మనిషికి పేరు మార్చడం. సామ్రాజ్యంలోని రాజ్యాల ప్రతినిధులు కూర్చునే రీగెన్స్‌బర్గ్ సభలో ప్రొటెస్టెంట్ రాజ్యాలు ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పెట్టాయి. అయినా దాదాపు 20,000 మంది చలికాలంలో మొదలుపెట్టి రోడ్డున పడ్డారు. 1732 ఫిబ్రవరిలో ప్రష్యా రాజు రమ్మని కబురు పెట్టాడు, వాళ్ళలో ఎక్కువమంది తూర్పు ప్రష్యా చేరారు. నూరేళ్ళ ముందైతే ఇంత పెద్ద అన్యాయానికి సైన్యాలు కదిలేవి. ఈసారి కదిలింది కాగితాలూ, రైతుల బళ్ళూ.