తలకిందుల ఫోటోకు నిటారు జవాబు

కాగితాన్ని పక్కకు పడుకోబెట్టి ఫోటో పంపేవారిని నిందించడం అన్యాయం. వారి తెరపై అది నిటారుగానే ఉంది, మన తెరపై పడుకుని ఉంది. ఇద్దరూ నిజమే చెబుతారు కాబట్టి తగువు తెగదు.

మూలం కెమెరా పొదుపరితనంలో ఉంది. చాలా ఫోనులు బొమ్మను నిజంగా తిప్పవు. సెన్సార్ చూసింది చూసినట్టే దాచి, పక్కన Orientation అనే ఒక అంకె రాసిపెడతాయి. 1 అంటే ఉన్నది ఉన్నట్టు చూపమని, 6 అంటే కుడివైపుకు 90 డిగ్రీలు తిప్పమని, 3 అంటే తలకిందులు చేయమని. ఆ చీటీని మన్నించే యాప్ ఒకటి, పట్టించుకోనిది మరొకటి, దారిలోనే చింపి పారేసేది ఇంకొకటి. పైగా బల్లపై పరిచిన కాగితం మీద ఫోనును సమాంతరంగా పట్టుకుంటే గురుత్వాకర్షణ తెరకు లంబంగా పనిచేస్తుంది, పై అంచు ఏదో ఫోనుకే తెలియదు. సాధారణంగా అంతకుముందున్న దిశనే నమ్మి రాసేస్తుంది. పత్రాలను ఫోటో తీసేటప్పుడు లోకమంతా అవలంబించే భంగిమ సరిగ్గా ఇదే.

పడుకున్న ఫోటో పెద్దమనిషి లాంటిది: చదవలేం కాబట్టి తప్పు చదవం. తలకిందులైన అంకెలు అంత నిజాయితీపరులు కావు. ఒకాయన నీటి వాడకం చీటీలో అంకెను మాత్రమే కత్తిరించి పంపి, ‘ఇది ఎక్కువా?’ అని అడిగాడనుకుందాం. చీటీలో ఉన్నది 168. తలకిందులుగా అది 891. మిత్రుడు ఆలోచించి, ఆధారాలతో, ఎంతో సానుభూతితో జవాబిస్తాడు: గొట్టం ఎక్కడో పగిలింది, గోడ తవ్వించండి. తర్కంలో లోపం లేదు, గోడకు మాత్రం దెబ్బ పడుతుంది. మిత్రుడు 8ని పరీక్షగా చూసి ఉంటే సరిపోయేది. అచ్చు అక్షరాల్లో చాలావరకు దాని పై సున్న కాస్త చిన్నది, ఇక్కడ పెద్దది పైన కూర్చుంది.

అద్దంలో పడ్డట్టు వచ్చే ఫోటో మరో జాతి. ముందు కెమెరాను ఆ అమరికలో పెట్టి తీస్తే 18 కాస్తా 81 అవుతుంది. దాన్ని ఎన్నిసార్లు తిప్పినా దారికి రాదు, ఎడమను కుడికి మార్చే మీట నొక్కాల్సిందే. ‘తిప్పి పంపండి’ అని సలహా ఇచ్చే పెద్దలు దీన్ని గమనించరు.

వివేకవంతుడు జవాబుకు ముందే ‘నేను చదివిన మొదటి పంక్తి ఇది’ అని రాస్తాడు. ‘పైనుంచి రెండో వరుస’ అనడు, ఎందుకంటే పడుకున్న పట్టికలో వరుసలన్నీ నిలువు గడులైపోతాయి. అనుమానం వస్తే స్క్రీన్‌షాట్ అడుగుతాడు. Orientation చీటీతో పనిలేకుండా, అవతలివారు చూస్తున్నది అచ్చంగా అలాగే వస్తుంది, వారు ఇంకా తెరవని సందేశాల సంఖ్యతో సహా.