ఎడ్జ్ రాగానే అవుట్‌పుట్ మారదు, మారకూడదు కూడా

టైమింగ్ డయాగ్రమ్‌లలో క్లాక్ పైకి లేచిన గీత, అంటే ఎడ్జ్, కిందే సరిగ్గా ఒక బిట్‌ను పట్టుకుని ఉంచే ఫ్లిప్‌ఫ్లాప్ అవుట్‌పుట్ మారినట్టు గీస్తుంటారు. ఆ బొమ్మ విద్యార్థికి తప్పు నేర్పుతోందని నా గట్టి అభిప్రాయం. అందులో దాచేసిన కాస్త ఆలస్యం మీదే సర్క్యూట్ పని ఆధారపడి ఉంది మరి.

మామూలు డి ఫ్లిప్‌ఫ్లాప్ లోపల రెండు ల్యాచ్‌లు ఉంటాయి, ముందుది మాస్టర్, దాని వెనకది స్లేవ్. క్లాక్ కింది స్థాయిలో ఉన్నంతసేపు మాస్టర్ ఇన్‌పుట్‌ను లోపలికి రానిస్తుంది, స్లేవ్ పాత విలువను పట్టుకుని ఉంటుంది. ఎడ్జ్ రాగానే మాస్టర్ మూసుకుని స్లేవ్ తెరుచుకోవాలి. అంటే కొత్త విలువ అప్పటికే స్లేవ్ గుమ్మం దాకా వచ్చి ఉంది. అయినా టైమ్ ఎందుకు పడుతుంది? ముందు క్లాక్ సిగ్నలే లోపలి ఇన్వర్టర్లు దాటి స్లేవ్‌ను తెరవాలి. ఆ తర్వాత ఆ విలువ స్లేవ్ లోపలి నోడ్‌ను, అక్కడి నుంచి అవుట్‌పుట్ ఇన్వర్టర్ బయటి వైరును ఛార్జ్ చేయాలి, లేదా డిశ్చార్జ్ చేయాలి. ట్రాన్సిస్టర్ ఇవ్వగల కరెంట్‌కు హద్దుంది కాబట్టి కెపాసిటెన్స్ మీద వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరిపోదు. 74HC74 చిప్‌లో 5 వోల్ట్‌ల దగ్గర ఈ ఆలస్యం సుమారు 15 నానోసెకండ్లు. 2 వోల్ట్‌లకు దించితే కరెంట్ బాగా పడిపోయి, అదే చిప్ దాదాపు మూడు రెట్ల టైమ్ తీసుకుంటుంది.

ఇప్పుడు ఒకే క్లాక్‌తో రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లు నడుస్తూ, మొదటిదాని అవుట్‌పుట్ నేరుగా రెండోదానికి వెళ్లే షిఫ్ట్ రిజిస్టర్ చూడండి. ఎడ్జ్ వచ్చినప్పుడు రెండోది తీసుకోవాల్సింది మొదటిదాని పాత విలువను. ఎడ్జ్ తర్వాత కూడా ఆ విలువ కొద్దిసేపు కదలకుండా ఉండాలి, దాన్నే హోల్డ్ టైమ్ అంటారు. అది 20 పికోసెకండ్లు, మొదటిదాని కనీస ఆలస్యం 60 అనుకుందాం. 20 దాకా కావాల్సిన విలువ 60 దాకా ఉంటోంది, ఇబ్బందే లేదు. ఎడ్జ్‌తోనే మారిపోయి ఉంటే ఆ 20 ఎక్కడి నుంచి వచ్చేవి?

క్లాక్ వైరు పొడవై, రెండోదానికి ఎడ్జ్ 50 పికోసెకండ్లు లేటుగా చేరిందనుకోండి. అప్పుడు పాత విలువ 70 దాకా ఉండాలి, కానీ 60కే మారిపోయింది. ఒకే ఎడ్జ్‌లో బిట్ రెండు మెట్లు దూకేయవచ్చు, లేదా రెండో ఫ్లిప్‌ఫ్లాప్ ఎటూ తేల్చుకోలేక తడబడవచ్చు. ఇక్కడ చాలామంది క్లాక్ వేగం తగ్గించి చూస్తారు. లాభం ఉండదు, ఎందుకంటే ఈ లెక్కంతా ఒకే ఎడ్జ్ చుట్టూ నడుస్తోంది, తర్వాతి ఎడ్జ్ ఎప్పుడొస్తుందన్నది ఇందులో లేదు. వేగం ఎంత తగ్గించినా తప్పు పోకపోతే హోల్డ్‌నే ముందు అనుమానించాలి. రెండింటి మధ్య డేటా దారిలో కనీసం 30 పికోసెకండ్లు ఆపే బఫర్ పెడితే, మార్పు 90కి గానీ చేరదు, 20 మిగులుతాయి.